ఎంత, ఎప్పుడు, ఎన్ని రోజులు: మందుచీటీ స్టేషన్ కోసం ఒక పాఠం

(శ్రీకాకుళంలో ఫార్మకాలజీ ప్రాక్టికల్ పరీక్షలకు సిద్ధమవుతున్న రెండో సంవత్సరం వైద్య విద్యార్థులకు చేసిన ప్రసంగం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల్లో ఉన్నవాళ్లు కాస్త ముందుకు రండి. బోర్డు మీద మందుచీటీలు రాస్తాను. అందులో ఒక్క చుక్క కనపడకపోయినా అర్థం మారిపోతుంది.

ప్రాక్టికల్స్‌లో మందుచీటీకి సంబంధించి మీకు రెండు రకాల స్టేషన్లు వస్తాయి. ఒకదాంట్లో తప్పులున్న చీటీ ఇచ్చి, తప్పులు చెప్పి సరిచేసి రాయమంటారు. ఇంకోదాంట్లో ఒక కేసు ఇచ్చి చీటీ రాయమంటారు. కొన్నిసార్లు ఎదురుగా ఒకరిని రోగిలా కూర్చోబెట్టి, రాసింది వాళ్లకు వివరించమంటారు కూడా. మీ రికార్డు పుస్తకాలు చూశాను. పేరు, వయసు, తేదీ, ఆర్‌ఎక్స్ గుర్తు, కింద సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు దాదాపు అందరూ బాగానే రాస్తున్నారు. మందు పేరు జెనెరిక్‌లో, పెద్ద అక్షరాల్లో రాయాలన్నదీ గుర్తుంచుకుంటున్నారు. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళిని 2016లో సవరించినప్పుడు వచ్చిన మాట అది. కాబట్టి ఈ పూట దాని జోలికి వెళ్లను. ఇబ్బంది అంతా మందు పేరు కింద రాసే వరుసలో ఉంది. ఎంత వాడాలి, ఎప్పుడెప్పుడు వాడాలి, ఎన్ని రోజులు వాడాలి అని చెప్పే ఆ ఒక్క వరుస గురించే ఈరోజు మాట్లాడుకుందాం.

ముందు పొట్టి అక్షరాలు చూద్దాం. ఓడీ అంటే రోజుకు ఒకసారి. బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, క్యూఐడీ అంటే నాలుగుసార్లు. హెచ్‌ఎస్ అంటే పడుకునే ముందు. ఏసీ అంటే భోజనానికి ముందు, పీసీ అంటే భోజనం తర్వాత. స్టాట్ అంటే ఇప్పుడే, ఒక్క డోసు. ఎస్‌ఓఎస్ అంటే అవసరమైతేనే. పరీక్షలో ఇవి చదవడం రావాలి, ఎందుకంటే మన దేశంలో చీటీల నిండా ఇవే ఉంటాయి. రాసేటప్పుడు మాత్రం వీటిని వాడొద్దని నా సలహా. 'రోజుకు రెండుసార్లు, ఉదయం రాత్రి భోజనం తర్వాత' అని పూర్తిగా రాయడానికి మీకు పట్టేది పది సెకన్లు. అలా రాస్తే మార్కులు తీసేసే ఎగ్జామినర్ నాకు ఇంతవరకూ తారసపడలేదు.

ఎందుకు వద్దంటున్నానో ఓడీతోనే చెప్తాను. మన దగ్గర ఓడీ అంటే రోజుకు ఒకసారి. కంటి విభాగంలో అవే రెండు అక్షరాలకు కుడి కన్ను అని అర్థం. కంటి చుక్కల చీటీలో ఓడీ అని ఉంటే అది ఏ కన్నో చెప్తోందా, ఎన్నిసార్లో చెప్తోందా? అలాగే క్యూడీ అంటే కొన్ని దేశాల్లో రోజూ ఒకసారి. ఆ రెండక్షరాల మధ్య ఒక 'ఓ' చేరితే రోజు విడిచి రోజు. చేతిరాతలో తోక కాస్త సాగితే చాలు, క్యూఐడీలా కనిపించి నాలుగుసార్లయిపోతుంది. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో వాడకూడని పొట్టి అక్షరాల జాబితా ఒకటి తయారుచేసింది. ఈ క్యూడీ, క్యూఓడీ రెండూ అందులో ఉన్నాయి. యూనిట్లకు బదులుగా రాసే 'యు' అక్షరం కూడా ఉంది. ఇన్సులిన్ 10 పక్కన యు రాస్తే, ఆ యు సున్నాలా కనిపించి 100 అయిపోయే ప్రమాదం ఉంది. పది యూనిట్లు ఎక్కవలసిన మనిషికి వంద ఎక్కితే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

రోజుకు ఎన్నిసార్లు అన్నది ఎవరో మొక్కుబడిగా పెట్టిన అంకె కాదు. మందు ఒంట్లో ఎంతసేపు నిలుస్తుందన్నదాన్ని బట్టి వస్తుంది. పారాసిటమాల్ సగం తగ్గిపోవడానికి రెండు మూడు గంటలు చాలు, కాబట్టి దాని పని కొద్ది గంటల్లో అయిపోతుంది. ఆమ్లోడిపిన్ సగం తగ్గడానికి ఒక రోజు దాటుతుంది, అందుకే బీపీకి రోజుకు ఒకటి సరిపోతుంది. ఇది తెలిస్తే చీటీలో 'ఆమ్లోడిపిన్ టీడీఎస్' అని కనపడగానే మీ చెయ్యి ఆగుతుంది. తప్పులు పట్టే స్టేషన్‌లో సగం పని అదే చేస్తుంది.

(ఒక విద్యార్థి: మేడమ్, 1-0-1 అని రాయొచ్చా? వార్డుల్లో అందరూ అలాగే రాస్తున్నారు.)

మంచి ప్రశ్న. రాయొచ్చు, కానీ అదొక్కటే రాసి వదిలేయొద్దు. 1-0-1 టాబ్లెట్లకు బాగానే సరిపోతుంది. ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. మన రోగులకు అలవాటైన పద్ధతి కూడా. అదే సిరప్ అయితే 1 అంటే ఏమిటి? ఒక మిల్లీలీటరా, ఒక మూతా, ఒక స్పూనా? వారానికి ఒకసారి వేసుకోవలసిన మందును అసలు ఆ మూడు గళ్లలో ఎక్కడ పెడతారు? ఎన్ని గంటల తేడాతో అన్నదీ అది చెప్పదు. టీడీఎస్ అని అమోక్సిసిలిన్ రాశారనుకోండి. ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, రాత్రి ఎనిమిదికి వేసుకుంటే రాత్రి పన్నెండు గంటల ఖాళీ వస్తుంది. ఆ మందు పనిచేయాలంటే రక్తంలో దాని మోతాదు ఒక స్థాయికి పైన ఎక్కువ సేపు ఉండాలి. అందుకే ఎనిమిది గంటలకోసారి అని రాసి, ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది అని టైములు చెప్పండి.

చెప్పే ముందు ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందో ఒక్క మాట అడగండి. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్లే ఆవిడ మధ్యాహ్నం ఇంట్లో ఉండదు. మధ్యాహ్నం డోసు ఇంటి గూట్లోనే ఉండిపోతుంది. డబ్బాతో పాటు ఒక టాబ్లెట్ కట్టుకుని వెళ్లమని చెప్పాలి. లేదా రోజుకు రెండుసార్లతో సరిపోయే మందు ఉంటే అది రాయాలి. ఆ ప్రశ్న అడిగితే పరీక్షలో రోగితో మాట్లాడడానికి పెట్టిన మార్కులు కూడా వస్తాయి.

ఇక మొదటి స్టేషన్. బోర్డు మీద రాస్తున్న చీటీ చూడండి. రోగి ఆడమనిషి, 52 ఏళ్లు, కవిటి మండలం. జబ్బు రుమటాయిడ్ ఆర్థరైటిస్. మందులు మూడు.

మెథోట్రెక్సేట్ 7.5 – ఓడీ – 30 రోజులు
ఫోలిక్ యాసిడ్ 5 – ఓడీ – 30 రోజులు
డైక్లోఫెనాక్ 50 – టీడీఎస్ – పీసీ – 30 రోజులు

ఇది నేను మీ కోసం కల్పించిన చీటీయే. కానీ ఇందులో ఉన్న పెద్ద తప్పు కల్పన కాదు. వారానికి ఒకసారి వేసుకోవలసిన మెథోట్రెక్సేట్‌ను రోజూ వేసుకుని మనుషులు చనిపోయారు. చాలా దేశాల్లో మళ్లీ మళ్లీ జరిగింది.

ఇలాంటి చీటీ చేతికి రాగానే చాలామంది మొదట తేదీ ఉందా, సంతకం ఉందా అని వెతుకుతారు. అవి కూడా చెప్పండి, కానీ తర్వాత. ముందు ప్రాణం తీసే తప్పు చెప్పండి. టైమ్ అయిపోయి బెల్ మోగినా అది మాత్రం చెప్పి ఉండాలి.

కీళ్ల జబ్బుకు మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. ఇక్కడ ఓడీ అని ఉంది. అంటే వారం మందు ఒక్క రోజులో, అలా నెల రోజులు. ఈ మందు ఒంట్లో కొత్త కణాలు పుట్టడాన్ని అడ్డుకుంటుంది. రోజూ పడితే త్వరగా కొత్త కణాలు తయారయ్యే చోట్ల దెబ్బ కొడుతుంది. నోటి లోపలి పొర, పేగు, ఎముక మజ్జ. అందుకే మొదట నోట్లో పుళ్లు లేస్తాయి, అన్నం మింగలేరు, విరేచనాలు అవుతాయి. తర్వాత తెల్లకణాలు పడిపోయి జ్వరం వస్తుంది, ప్లేట్‌లెట్లు పడిపోయి చిగుళ్ల నుంచి రక్తం వస్తుంది. కీళ్ల నొప్పులకు మందు వాడుతున్న మనిషి 'నోరంతా పూసిందమ్మా' అంటే, ఏ మందు ఎలా వేసుకుంటున్నారో టాబ్లెట్ల అట్ట తెప్పించి చూడండి. పొరపాటు బయటపడితే మందు ఆపి, వెంటనే ఆసుపత్రిలో చేర్చి, రక్తకణాలు, కిడ్నీ, లివర్ పరీక్షలు చేసి, ఫోలినిక్ యాసిడ్ ఇస్తారు. ఫోలిక్ కాదు, ఫోలినిక్. ఎగ్జామినర్ అడగడానికి ఇష్టపడే ప్రశ్న ఇది.

రెండోది, 7.5 పక్కన మిల్లీగ్రాములు అని లేదు. మెథోట్రెక్సేట్ మన దగ్గర 2.5, 5, 7.5, 10 మిల్లీగ్రాముల టాబ్లెట్లుగా దొరుకుతుంది. ఏ టాబ్లెట్, ఎన్ని అన్నది రాయకపోతే, షాపులో 2.5వి అయిపోయాయని 10వి ఇచ్చి, రోగి ఎప్పటిలాగే మూడేసి వేసుకుంటే ముప్పై మిల్లీగ్రాములు లోపలికి వెళ్తాయి. అందుకే ఎప్పుడూ ఒకే బలం ఉన్న టాబ్లెట్ రాయడం మంచిది. సాధారణంగా 2.5వి వాడితే డోసు పెంచడం, తగ్గించడం సులువు.

మూడోది మన జిల్లాలో చదువుకుంటున్న మీరు వదిలేయకూడనిది. రోగిది కవిటి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో ఈ హాల్లో తెలియనివాళ్లు లేరు. మెథోట్రెక్సేట్ ఒంట్లోంచి బయటికి పోయేది ప్రధానంగా కిడ్నీల ద్వారానే. కిడ్నీ మందగిస్తే మందు పేరుకుపోతుంది, వారానికి ఒకసారి సరిగ్గా వేసుకున్నా విషమవుతుంది. పైగా డైక్లోఫెనాక్ 50 మిల్లీగ్రాములు రోజుకు మూడు, నెల రోజులు. అది కిడ్నీకి రక్తప్రసారం తగ్గిస్తుంది, మెథోట్రెక్సేట్ బయటికి పోవడాన్నీ తగ్గిస్తుంది. రోజుకు 150 మిల్లీగ్రాములు అన్నది పరిమితి లోపలే ఉంది కదా అని వదలకండి. ఈ మనిషికి క్రియాటినిన్ ఎంతో చీటీలో ఎక్కడా లేదు. అది చూడకుండా ఈ రెండు మందులూ మొదలుపెట్టకూడదని జవాబులో రాయండి.

ఇప్పుడు తప్పు పట్టుకోవడానికి నేను ప్రతి చీటీ మీదా చేసే పని ఒకటి చెప్తాను. ఒక్కసారికి ఎంతో, ఎన్నిసార్లో, ఎన్ని రోజులో గుణించి మొత్తం ఎన్ని టాబ్లెట్లు అవుతాయో పక్కన రాయండి. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో 65వ నిబంధన ప్రకారం ఇవ్వవలసిన మొత్తం ఎంతో చీటీలో ఉండాలి కూడా. మనవాళ్లు ఎక్కువగా మానేసేది అదే. ఇది చట్టం కోసం రాసే అంకె మాత్రమే కాదు. ఈ చీటీలో మెథోట్రెక్సేట్ మొత్తం ముప్పై టాబ్లెట్లు అవుతుంది. వారానికి ఒకసారి అయితే నాలుగు వారాలకు 7.5వి నాలుగే నాలుగు. 2.5వి అయితే పన్నెండు. పన్నెండు అని చీటీలో రాసి ఉంటే, షాపులో ఎవరో 'రోజుకొకటమ్మా' అని చెప్పబోయినా లెక్క కుదరదు. పన్నెండు టాబ్లెట్లు నెలకు ఎలా సరిపోతాయని వాళ్లే ఆగి అడుగుతారు. ఆ అంకె ఉంటే డోసు, సార్లు, రోజులు మూడూ ఒకదాన్నొకటి కాపలా కాస్తాయి.

సరిచేసి ఇలా రాయండి. క్రియాటినిన్, రక్తకణాలు, లివర్ పరీక్షలు బాగున్నాయని తేలాకనే. డైక్లోఫెనాక్ తీసేశాను, ఫోలిక్ యాసిడ్‌ను కూడా వారానికి ఒకసారిగా మార్చాను.

మెథోట్రెక్సేట్ టాబ్లెట్ 2.5 మి.గ్రా.
ఒక్కసారికి 3 టాబ్లెట్లు (7.5 మి.గ్రా.). వారానికి ఒక్కసారి మాత్రమే, ప్రతి ఆదివారం రాత్రి భోజనం తర్వాత. 4 వారాలు. మొత్తం 12 (పన్నెండు) టాబ్లెట్లు. రోజూ వేసుకోకూడదు.

ఫోలిక్ యాసిడ్ టాబ్లెట్ 5 మి.గ్రా.
1 టాబ్లెట్. వారానికి ఒక్కసారి, ప్రతి మంగళవారం. 4 వారాలు. మొత్తం 4 (నాలుగు) టాబ్లెట్లు.

'వారానికి ఒకసారి' అని ఊరుకోకుండా ఏ వారమో పేరు పెట్టాలి. రోగితో మాట్లాడేటప్పుడు ఆ వారాన్ని ఆమె చేతే ఎంచుకోనివ్వండి. ఆదివారం మాంసం వండుకునే రోజు, గుర్తుంటుంది అని ఆమె అంటే ఆదివారమే రాయండి. తర్వాత 'ఎప్పుడు వేసుకుంటావో చెప్పమ్మా' అని అడిగి, ఆమె నోటితో చెప్పించుకోండి. తలూపితే అర్థమైనట్టు కాదు.

ఇక రెండో స్టేషన్, చీటీ రాయడం. పొందూరు నుంచి ఒక తల్లి మూడేళ్ల పాపను తీసుకొచ్చింది. 'మా గుంటకి రెండ్రోజుల్నించి జొరమండి' అంటోంది. టెంపరేచర్ 102. బరువు 12 కిలోలు. పాలు తాగుతోంది, ఆడుకుంటోంది, ఊపిరి మామూలుగానే ఉంది, ఫిట్స్ లేవు. జ్వరానికి పారాసిటమాల్ సిరప్ రాయమన్నారు.

టెన్షన్‌లో చాలామంది వయసు చూసి 'ఒక స్పూన్ టీడీఎస్' అని రాసేస్తారు. ఈ కేసులో బరువు ఎందుకు ఇచ్చారో ఆలోచించండి. పిల్లలకు పారాసిటమాల్ ఒక్కసారికి కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 12 కిలోలకు 120 నుంచి 180 మిల్లీగ్రాములు. ఈ లెక్కను చీటీ మార్జిన్‌లో వేసి చూపించండి. అక్కడికి సగం అయింది. ఇంకా మిల్లీలీటర్లలోకి మార్చాలి, అసలు చిక్కు అక్కడే.

పారాసిటమాల్ సిరప్ ఒకటే బలంలో దొరకదు. 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములు ఉన్నది ఒకటి, 250 ఉన్నది ఇంకోటి. పసిపిల్లలకు వాడే చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటాయి. మూడు సీసాలూ షాపులో పక్కపక్కనే ఉంటాయి. మనం 175 మిల్లీగ్రాములు ఇవ్వాలనుకుందాం. 125 సిరప్ అయితే 7 మిల్లీలీటర్లు. 250 సిరప్ అయితే మూడున్నర. చుక్కల మందయితే ఒకటిం ముప్పావు.

మీరు బలం రాయకుండా '7 మి.లీ.' అని రాశారు, షాపులో 250 సీసా ఇచ్చారు అనుకోండి. పాపకు ఒక్కసారికి 350 మిల్లీగ్రాములు వెళ్తాయి. అంటే కిలోకి 29. రోజుకు నాలుగుసార్లు ఇస్తే 1400, కిలోకి 117 వరకు అవుతుంది. రోజు మొత్తానికి కిలోకి 60 దాటకూడదని మనం అనుకుంటున్నప్పుడు ఇది దాదాపు రెట్టింపు. రెండు మూడు రోజులు అలాగే సాగితే లివర్‌కు ముప్పు. తల్లి తప్పేమీ లేదు, చీటీలో రాసినట్టే ఇచ్చింది. అందుకే సిరప్‌కు మిల్లీగ్రాములు, మిల్లీలీటర్లు, బలం మూడూ ఉండాలి.

నేనయితే ఈ పాపకు 250 సిరప్ ఎంచుకుంటాను, మూడున్నర మిల్లీలీటర్లు. నాలుగుసార్లు ఇచ్చినా 700 మిల్లీగ్రాములు, కిలోకి 58. పరిమితి లోపలే ఉంది. కానీ సీసాతో వచ్చే మూతకు సాధారణంగా రెండున్నర, ఐదు దగ్గరే గీతలుంటాయి. మూడున్నర గీత ఉండదు. కాబట్టి నోటి సిరంజితో అని చీటీలో రాయాలి, సూది లేని సిరంజి మీద ఆ గీత తల్లికి చూపించాలి. సిరంజి దొరకదంటే అప్పుడు 125 సిరప్, ఐదు గీత దాకా, అంటే 125 మిల్లీగ్రాములు. కిలోకి 10.4. అది కూడా సరైన డోసే. 10 నుంచి 15 అని వెసులుబాటు ఉన్నది ఇలా ఇంట్లో కొలవగలిగే డోసు ఎంచుకోవడానికి కూడా పనికొస్తుంది. ఇంట్లో స్పూన్‌తో కొలవమని మాత్రం ఎప్పుడూ చెప్పొద్దు. ఏ ఇంటి స్పూన్ ఆ ఇంటిదే.

మూడున్నరను 3.5 అని రాసి వదలకండి. చుక్క కనపడకపోతే 35. పక్కన అక్షరాల్లో 'మూడున్నర' అని రాయండి. ఇదే సందర్భంలో చుక్కల గురించి రెండు మాటలు. అర మిల్లీగ్రాము రాసేటప్పుడు చుక్కకు ముందు సున్నా పెట్టాలి, 0.5 అని. ఉత్త .5 అని రాస్తే 5 అయిపోతుంది. ఐదు రాసేటప్పుడు మాత్రం చుక్క పెట్టి సున్నా తగిలించకూడదు. 5.0 కాస్తా 50 అవుతుంది.

తర్వాత ఎప్పుడు ఇవ్వాలి అన్నది. జ్వరానికి టీడీఎస్ అని రాస్తే జ్వరం లేకపోయినా ఇస్తారు. ఎస్‌ఓఎస్ అని ఒక్కటే రాస్తే జ్వరం తగ్గలేదని గంటగంటకీ ఇస్తారు. అందుకే అవసరమైతే అని రాసే ప్రతి మందుకూ మూడు సంగతులు ఉండాలి. దేనికి ఇవ్వాలి, ఒక డోసుకీ ఇంకో డోసుకీ మధ్య కనీసం ఎంత సమయం ఉండాలి, ఒక రోజులో ఎన్నిసార్లు దాటకూడదు. ఎస్‌ఓఎస్ రాసినచోట ఈ మూడూ లేకపోతే నేను దాన్ని పూర్తి జవాబుగా తీసుకోను.

చీటీ మొత్తం ఇలా వస్తుంది.

పారాసిటమాల్ సిరప్ 250 మి.గ్రా. / 5 మి.లీ.
ఒక్కసారికి 175 మి.గ్రా. అంటే 3.5 (మూడున్నర) మి.లీ., నోటి సిరంజితో. జ్వరం 101 దాటి పాప ఇబ్బంది పడుతుంటేనే. రెండు డోసుల మధ్య కనీసం 6 గంటలు. 24 గంటల్లో 4 సార్లకు మించకూడదు. 3 రోజులు. మొత్తం 60 మి.లీ. సీసా ఒకటి.

సీసా ఒకటి అని ఎలా వచ్చింది? మూడున్నర మిల్లీలీటర్లు, నాలుగుసార్లు, మూడు రోజులు. 42 మిల్లీలీటర్లు. అరవై సీసా సరిపోతుంది. 125 సిరప్‌తో 7 మిల్లీలీటర్లు రాసి ఉంటే 84 అయ్యేది, రెండు సీసాలు కొనాల్సి వచ్చేది. మళ్లీ చూడండి, మొత్తం లెక్క వేస్తేనే ఈ తేడా కనపడింది.

తల్లికి చెప్పేటప్పుడు ఒక విషయం తప్పకుండా అడగండి. ఇంట్లో పాపకు ఇంకేమైనా సిరప్ ఇస్తున్నారా అని. జలుబు సిరప్‌లు కొన్నింటిలో పారాసిటమాల్ కలిసి ఉంటుంది. పగలు పాపను చూసుకునేది నాయనమ్మ అయితే ఆమె వేరే సీసా నుంచి ఒక డోసు వేసి ఉండొచ్చు. డోసు ఇచ్చిన టైము గోడ క్యాలెండర్ మీద రాసుకోమని చెప్పండి, ఇద్దరికీ కనపడుతుంది. మూడు రోజులకీ జ్వరం తగ్గకపోతే మళ్లీ రమ్మనాలి. పాప పాలు మానేసినా, మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తున్నా మూడు రోజులు ఆగకుండా వెంటనే రమ్మనాలి. ఇది చీటీ కిందే ఒక వరుసలో రాయండి.

(ఇంకో విద్యార్థి: మేడమ్, ఇదంతా ఐదు నిమిషాల్లో అవుతుందా?)

అవుతుంది, వరుస తెలిస్తే. రోగి పేరు, వయసు, బరువు ముందే రాసేయండి. బరువు కేసులో ఇవ్వకపోతే అక్కడున్నవాళ్లను అడగండి, అడిగినందుకు ఎవరూ మార్కులు కోయరు. తర్వాత మార్జిన్‌లో మిల్లీగ్రాముల లెక్క. తర్వాత మందు పేరు, బలం. తర్వాత మన వరుస. చివర్లో మొత్తం లెక్క వేసి, అది డోసుతో కుదిరిందో లేదో చూడండి. కుదరకపోతే తప్పు ఎక్కడో అక్కడే ఉంది, సంతకం పెట్టకముందే దొరుకుతుంది.

(అదే విద్యార్థి: రాసింది తప్పయితే దిద్దొచ్చా?)

అంకె మీద అంకె దిద్దకండి. 3ని 8 చేస్తే చూసేవాళ్లకు రెండూ కనపడతాయి. ఆ వరుస మొత్తాన్ని ఒక్క గీతతో కొట్టేసి, కింద మళ్లీ రాసి, పక్కన పొడి సంతకం, తేదీ పెట్టండి. చీటీ పూర్తయ్యాక చివరి మందుకూ మీ సంతకానికీ మధ్య మిగిలిన ఖాళీలో అడ్డంగా ఒక గీత గీయండి. అక్కడ ఇంకెవరూ ఇంకో మందు చేర్చకుండా ఉంటుంది.

ఇప్పుడు కాగితాలు తీయండి. అదే పాప, బరువు మాత్రం 9 కిలోలు, షాపులో 125 సిరప్ ఒక్కటే ఉంది. ఐదు నిమిషాలు.